సైట్ లెక్కలు – 7వ పాఠం: స్లాబ్ మందం పెరిగింది, కాలమ్ సైజు మారింది. ఇండెంట్ ఎంత మారాలి?

గత పాఠంలో లెక్క కట్టిన ఇల్లు గుర్తుందిగా. బయటి కొలత 9 మీటర్లు, 12 మీటర్లు. మెట్ల ఖాళీ 8 చదరపు మీటర్లు తీసేస్తే స్లాబ్ 100 చదరపు మీటర్లు, మందం 125 మి.మీ. కాలమ్‌లు 12, ఒక్కోటి 230 × 300. బీమ్‌లు 230 × 450. ప్లింత్ పైనుంచి స్లాబ్ పైకి 3.15 మీటర్లు. కాంక్రీట్ మొత్తం 19.91 క్యూబిక్ మీటర్లు తేలింది.

ఇప్పుడు ఓనరు పైన ఇంకో అంతస్తు వేసుకుంటానన్నాడు, డిజైనర్ కొత్త డ్రాయింగ్ పంపాడు అనుకుందాం. స్లాబ్ 150 మి.మీ. అయింది. కాలమ్‌లు 300 × 450 అయ్యాయి. బీమ్ సైజు, స్లాబ్ పై లెవెల్, కాంక్రీట్ గ్రేడ్ (ఎం20) మారలేదు. పునాదులు ఇంకా పోయలేదు. వాటి రివైజ్డ్ డ్రాయింగ్ వేరే వస్తుంది, ఈ పాఠంలో వాటి జోలికి వెళ్లం. పునాది పోసేసి, 230 × 300 కాలమ్‌కి రాడ్లు పైకి లేచి ఉన్నాక ఇలాంటి డ్రాయింగ్ వస్తే మాత్రం లెక్క పక్కన పెట్టి ముందు డిజైనర్‌కి ఫోన్ చేయండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి రివిజన్ వస్తే మా ఇన్‌చార్జి, "స్లాబ్ అయిదోవంతు పెరిగింది కదా, అన్నీ 20 శాతం పెంచి రాసెయ్" అన్నాడు. రాసేశాను. కాలమ్ రింగులు కడుతున్న రెండో రోజే 8 మి.మీ. రాడ్ అయిపోయింది. అటు స్లాబ్ పోసేశాక కూడా 10 మి.మీ. రాడ్ మిగిలిపోయి, టార్పాలిన్ కింద వానాకాలం మొత్తం తుప్పు పట్టింది. ఎక్కడ తప్పానో తెలుసుకోవడానికి ఆ రోజు రాత్రి కూర్చుని వేసిన లెక్కే ఈ పాఠం.

ముందు కాంక్రీట్ చూద్దాం.

స్లాబ్ సులువు. విస్తీర్ణం మారలేదు కాబట్టి మందం ఎంత పెరిగితే కాంక్రీట్ అంత పెరుగుతుంది. 150ని 125తో భాగిస్తే 1.2. పాత 12.5 క్యూబిక్ మీటర్లు 15 అయ్యాయి. నిష్పత్తితో గుణించి ధైర్యంగా రాసుకోగలిగేది ఇదొక్కటే.

బీమ్ దగ్గర చాలామంది జారతారు. డ్రాయింగ్‌లో బీమ్ మారలేదు కదా అని పాత అంకె అలాగే ఉంచేస్తారు. కానీ బీమ్ మొత్తం లోతు 450లో పైభాగం స్లాబ్‌లోనే ఉంది, దాన్ని స్లాబ్ కింద ఇప్పటికే కొలిచేశాం. మనం బీమ్‌గా కొలిచేది స్లాబ్ కింద వేలాడే భాగాన్నే. స్లాబ్ 125 ఉన్నప్పుడు అది 325 మి.మీ., ఇప్పుడు 300 మాత్రమే. పైగా కాలమ్ లావైంది కాబట్టి, కాలమ్ ముఖం నుంచి ముఖానికి కొలిచే బీమ్ పొడవు కూడా తగ్గుతుంది. మన ఇంట్లో పొడవు వరుసలు మూడు, అడ్డ వరుసలు నాలుగు, మొత్తం 72 మీటర్లు. అందులో కాలమ్‌లు ఆక్రమించే పొడవు పాత సైజుకి 6.36 మీటర్లు, కొత్త సైజుకి 9 మీటర్లు (450 వైపు ఇంటి పొడవు దిశలో పెట్టారు). కాబట్టి బీమ్ పొడవు 65.64 నుంచి 63 మీటర్లకి వచ్చింది. మారలేదనుకున్న బీమ్ కాంక్రీట్ అర క్యూబిక్ మీటరుకి పైగా తగ్గింది.

కాలమ్ అడ్డకోత వైశాల్యం 0.069 నుంచి 0.135 చదరపు మీటర్లకి పెరిగింది, అంటే దాదాపు రెట్టింపు. ఎత్తు మాత్రం స్లాబ్ అడుగు వరకే కొలుస్తాం. స్లాబ్ పై లెవెల్ మారకుండా మందం పెరిగితే అడుగు 25 మి.మీ. కిందికి దిగుతుంది, కాలమ్ ఎత్తు 3.025 నుంచి 3.00కి వస్తుంది. డిజైనర్ గది ఎత్తు తగ్గకూడదని పై లెవెల్ లేపితే కాలమ్ ఎత్తు పాతదే ఉంటుంది. సెక్షన్ డ్రాయింగ్‌లో లెవెల్ చూడకుండా ఇది రాయకండి. మెట్ల లెక్క కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కొత్త లెక్క ఇది:

```
స్లాబ్     100 × 0.150              = 15.00
బీమ్‌లు     0.23 × 0.300 × 63.0      =  4.35
కాలమ్‌లు    12 × 0.30 × 0.45 × 3.00  =  4.86
మొత్తం                              = 24.21
```

పాతవి ఇదే వరుసలో 12.50, 4.91, 2.50. పెరిగింది 4.3 క్యూబిక్ మీటర్లు, శాతంలో 21.6. చూశారా, మా ఇన్‌చార్జి చెప్పిన 20 శాతానికి ఇది ఎంత దగ్గరగా ఉందో! ఇక్కడే మోసపోతాం. కాలమ్‌లు దాదాపు రెట్టింపై, బీమ్ తగ్గి, అన్నీ కలిసి ఆ అంకె దగ్గరికి రావడం కేవలం కాకతాళీయం. కాంక్రీట్ సరిపోయింది కదా అని అదే శాతాన్ని స్టీల్ మీద పెట్టేస్తాం.

స్టీల్‌లో ముందు స్లాబ్ సంగతి. స్లాబ్ మందమైతే రాడ్లు కూడా పెరగాలని మనసుకి అనిపిస్తుంది. నిజానికి మందం పెరిగితే కింది రాడ్డు నుంచి స్లాబ్ పైకి దూరం పెరుగుతుంది, అదే బరువుని మోయడానికి తక్కువ స్టీల్ చాలు. సొంత బరువు కొంచెం పెరుగుతుంది కాబట్టి డిజైనర్ చాలాసార్లు మెయిన్ రాడ్లని అలాగే ఉంచేస్తాడు. అడ్డ రాడ్లకి ఐఎస్ 456 చెప్పే కనీసం మాత్రం మందంతో పాటు పెరుగుతుంది. హెచ్‌వైఎస్‌డీ రాడ్లకి అది అడ్డకోత వైశాల్యంలో 0.12 శాతం. 125కి మీటరు వెడల్పుకి 150 చ.మి.మీ., 150కి 180 చ.మి.మీ. మన డ్రాయింగ్‌లో 8 మి.మీ. రాడ్లు 200 దూరంలో ఉన్నాయి, అంటే మీటరుకి 251 చ.మి.మీ. కొత్త కనీసం కూడా అందులోనే ఇమిడిపోయింది. అందుకే కొత్త డ్రాయింగ్‌లో స్లాబ్ రాడ్ల దూరాలు ఒక్కటీ మారలేదు. పాత బీబీఎస్‌లో స్లాబ్‌కి 800 కిలోలుంటే 20 శాతం పెంచినవాడు 160 కిలోలు ఊరికే తెప్పించినట్టే. క్రాంక్ దగ్గర ఒక్కో వంపుకి సెంటీమీటరు పొడవు పెరుగుతుంది, దాన్ని వదిలేయొచ్చు. చైర్లని మాత్రం వదలకండి. పై రాడ్లని నిలబెట్టే చైర్ ఎత్తు 25 మి.మీ. పెరగాలి. పాత కొలతతో వంచిన చైర్లు వాడితే పై రాడ్డు స్లాబ్ మధ్యకి దిగిపోతుంది, పోశాక బయటికి కనిపించదు కూడా. కవర్ బ్లాకులు పాతవే.

కాలమ్ స్టీల్‌కి నిష్పత్తి అసలు పనికిరాదు, కొత్త షెడ్యూల్ చూసి లెక్కపెట్టాల్సిందే. పాత కాలమ్‌కి 16 మి.మీ. రాడ్లు 6, కొత్తదానికి 8. వైశాల్యం 1.96 రెట్లు అయితే నిలువు రాడ్లు 1.33 రెట్లే. ల్యాప్ 800 మి.మీ. కలుపుకుని ఒక్కో రాడ్డు 3.95 మీటర్లు, మీటరుకి 1.58 కిలోలు (వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగించడం మూడో పాఠంలో చూశాం). 12 కాలమ్‌లకి పాతది 449 కిలోలు, కొత్తది 599. ఎనిమిది రాడ్లు తక్కువేమో అని అనుమానం వస్తే కనీసం చూసుకోండి: వైశాల్యంలో 0.8 శాతం అంటే 1080 చ.మి.మీ., మన ఎనిమిది రాడ్లు 1608. సరిపోయింది.

రింగుల దగ్గరే అప్పట్లో నాకు దెబ్బ తగిలింది. కాలమ్ చుట్టుకొలత 1.06 నుంచి 1.50 మీటర్లయింది కదా, రింగులు కూడా 1.4 రెట్లు అనుకుంటాం. రింగు కట్టింగ్ పొడవు చూద్దాం. 40 కవర్ తీసేసి, రెండు కొక్కేలకి 160 కలిపితే పాతది 900 మి.మీ., కొత్తది 1340. అంతటితో అయిపోలేదు. డ్రాయింగ్‌లో కాలమ్ సెక్షన్ దగ్గరగా చూడండి. పాతదాంట్లో మధ్యలో ఉన్న రెండు రాడ్లని పట్టుకోవడానికి ఒక్క లింకు ఉంది, 310 మి.మీ. కొత్తదాంట్లో నాలుగు వైపులా మధ్య రాడ్డు ఉంది కాబట్టి లింకులు రెండు, అడ్డంగా 380, నిలువుగా 530. అన్నీ కలిపితే ఒక్కో చోట పాతది 1.21 మీటర్లు, కొత్తది 2.25 మీటర్లు. 1.4 రెట్లు కాదు, 1.86 రెట్లు! 150 దూరంలో కాలమ్‌కి 21 చోట్ల చొప్పున 8 మి.మీ. రాడ్ 120 కిలోల నుంచి 224 కిలోలకి వెళ్లింది. (వంపుల తగ్గింపు ఇక్కడ వేయలేదు, అది బీబీఎస్‌లో వేయండి.)

కాలమ్ స్టీల్ మొత్తం 569 నుంచి 823 కిలోలు. వైశాల్యం నిష్పత్తితో గుణించినవాడు 1100 దాటి రాస్తాడు, 20 శాతం పెంచినవాడు 683 దగ్గర ఆగిపోతాడు.

సెంట్రింగ్‌ది చిన్న మాట. కాలమ్ పెట్టెలు బీమ్ అడుగు వరకు 34 నుంచి 49 చదరపు మీటర్లవుతాయి, ఇది మాత్రం చుట్టుకొలత ప్రకారమే. స్లాబ్ కింది ప్లేట్లు దాదాపు అంతే, కానీ పైన 6 టన్నులకి పైగా పచ్చి కాంక్రీట్ అదనంగా పడుతుంది. జాకీల దూరం పాతదే ఉంచాలా అని సెంట్రింగ్ మేస్త్రీని అడగకుండా వదలకండి.

ఇక ఇండెంట్ రాయడం. ఎం20 మామూలు మిక్స్ 1:1.5:3కి క్యూబిక్ మీటరుకి 8 బస్తాల సిమెంట్. పాతది 3 శాతం వేస్టేజీతో 164 బస్తాలు, కొత్తది 200. సైట్‌కి ఇప్పటికే 100 వచ్చి ఉంటే ఇంకా కావాల్సింది 100. కొంతమంది 200 కొత్తగా రాసేస్తారు, కొంతమంది పెరిగిన 36 ఒక్కటే రాసి, పాత ఆర్డర్‌లో రావాల్సిన 64 సంగతి మర్చిపోతారు. అందుకే ఇండెంట్‌లో నాలుగు గడులు పెట్టండి: పాత మొత్తం, కొత్త మొత్తం, వచ్చింది, రావాల్సింది. ఇసుక 64 ఘనపుటడుగులు, కంకర 128 ఘనపుటడుగులు అదనం. పైన రివిజన్ నంబరు, తేదీ రాయండి. పాత డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టండి, లేకపోతే రాడ్ బెండింగ్ మేస్త్రీ జేబులో మడత పెట్టుకున్నది అదే అయి ఉంటుంది.

వచ్చే పాఠానికి మీరు వేసి పెట్టుకోవాల్సిన లెక్క: నాలుగు మూలల కాలమ్‌లు పాత 230 × 300గానే ఉండి, మిగతా ఎనిమిదే 300 × 450 అయ్యాయనుకోండి. కాలమ్ కాంక్రీట్, రింగుల బరువు, బీమ్ పొడవు మూడూ కట్టండి. బీమ్ పొడవు దగ్గర కొంచెం నిదానించండి, మూల కాలమ్ ఏయే వరుసల్లో ఉందో ప్లాన్ మీద వేలు పెట్టి చూసుకోండి.