క్లోజప్‌లో కన్నీళ్లున్నాయి, బాధ లేదు: తేడా ఎక్కడ కొట్టింది?

సమస్య

నటి నిజంగానే ఏడ్చింది. సెట్‌లో అందరికీ గొంతు పూడుకుపోయింది. ఎడిటింగ్‌లో చూస్తే మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి ఎక్కడో ఏడుస్తున్నట్టుంది.

నా షార్ట్ ఫిల్మ్‌లో ఆ షాట్ ఇది: అమ్మాయి బల్ల ముందు కూర్చుని నాన్న రాసిన చివరి ఉత్తరం చదువుతోంది. వెనక మీటరున్నర దూరంలో ఆయన కుర్చీ, ఖాళీగా. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 85 ఎం.ఎం. లెన్స్, f/1.4, రెండున్నర మీటర్ల దూరం. ట్రైపాడ్ నేను నిలబడి చూసే ఎత్తులో.

కారణం: కెమెరా దూరంగా ఉంది

మొహం ఎంత దగ్గరిదిగా అనిపిస్తుందన్నది లెన్స్ నంబరు కన్నా కెమెరా నిలబడ్డ చోటు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. దూరం నుంచి తీస్తే ముక్కు, చెంప, చెవి అన్నీ ఒకే పలకకు అతికించినట్టు చదునుగా వస్తాయి. చూసేవాడు గదిలో లేడు, గుమ్మం అవతల ఉన్నాడు.

పరిష్కారం: 35 ఎం.ఎం. పెట్టి మీటరు దూరానికి జరిగాం. మొహం ఫ్రేమ్‌లో అంతే ఉంది, కానీ ఇప్పుడు బల్లకు ఇవతల మనమే కూర్చున్నట్టుంది. వెనక గది కూడా ఎక్కువ కనిపించింది, కుర్చీ పూర్తిగా ఫ్రేమ్‌లోకొచ్చింది. సెన్సర్ చిన్నదిగా ఉండే ఏపీఎస్-సీ కెమెరా అయితే 23 లేదా 24 ఎం.ఎం. పెట్టండి. ఇంకా దగ్గరికెళ్తే ముక్కు ఉబ్బి, ఏడుపు నవ్వులాటవుతుంది.

కారణం: కెమెరా ఎత్తు

ఆమె తల వంచి చదువుతోంది, మేము పైనుంచి చూస్తున్నాం. నుదురు, రెప్పలే తప్ప కళ్లేవీ? మ్యూట్ చేసి ఒక ఫ్రేమ్ ఆపి చూడండి, కంటి నల్లగుడ్డు కనబడకపోతే తప్పు ఇదే.

పరిష్కారం: కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి దాదాపు 115 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. కెమెరాను 95కి దించాం. వాలిన రెప్పల కింద తడి అప్పుడు కనిపించింది. మరీ దించితే ముక్కుపుటాలు మొదలవుతాయి.

కారణం: f/1.4

ఆ సెటప్‌లో ఫోకస్ నిలిచే లోతు సుమారు ఏడు సెంటీమీటర్లు. ఆమె వెక్కుతూ ముందుకు వాలగానే కళ్లు ఫోకస్ తప్పాయి. కుర్చీ గోధుమరంగు మచ్చయింది. ఆమె ఎందుకు ఏడుస్తోందో చెప్పే వస్తువునే మేం చెరిపేశాం! లెన్స్ మార్చినంత మాత్రాన ఈ లోతు పెరగదు. ఫ్రేమింగ్, అపర్చర్ అవే ఉంటే దాదాపు అంతే ఉంటుంది.

పరిష్కారం: f/4. లోతు ఇరవై సెంటీమీటర్లయింది. కుర్చీ మసకగా ఉన్నా కుర్చీ అని తెలుస్తోంది. దీనికి మూడు స్టాపుల వెలుతురు పోతుంది, అంటే ఎనిమిదో వంతే మిగులుతుంది. లైటు పెంచండి, కుదరకపోతే ISO 400 నుంచి 3200 దాకా వెళ్లాలి.

85ని పక్కన పారేయలేదు. తరవాతి షాట్‌లో తమ్ముడు గుమ్మంలో నిలబడి, లోపలికి రాలేక అక్కను చూస్తాడు. అతని చూపుకు అదే లెన్స్, అదే దూరం, అదే నిలబడ్డ ఎత్తు సరిగ్గా అతికాయి.