బోరు మోటారు రిపేరు కొటేషన్: పైఖర్చు ఎంత కలపాలి, ఎక్కడ కలపాలి

చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపు రైతు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, మోటారు ఆగిపోయింది, ఎంతవుతుంది?" మోటారేమో అయిదారు వందల అడుగుల కింద ఉంది. పైకి తీసి విప్పేదాకా లోపల ఏమేం పోయాయో ఎవరికీ తెలియదు. రైతుకు మాత్రం ఈరోజే ఒక లెక్క కావాలి, డబ్బు చూసుకోవాలి కదా. రిపేరు షాపు నడిపేవాళ్ళకు ఈ కొటేషన్ల దగ్గర మళ్ళీ మళ్ళీ వచ్చే చిక్కులు మూడు.

సమస్య 1: పని అయ్యాక బిల్లు దగ్గర గొడవ

ఫోన్‌లో "పదహారు, పదిహేడు వేలు" అంటాం. మోటారు విప్పాక బుష్‌లు అరిగి ఉంటాయి, రెండు పైపులకు చిల్లులు కనబడతాయి. బిల్లు ఇరవై దాటుతుంది. రైతు మొదట విన్న అంకె దగ్గరే నిలబడతాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

కారణం: తెలిసిన పనినీ తెలియని పనినీ కలిపి ఒకే అంకెగా చెప్పడం. కొందరు దీనికి మందుగా మొత్తం మీద పది శాతం పైఖర్చుగా వేస్తారు. 16,500 మీద పది శాతమంటే 1,650 రూపాయలు. ఒక్క బుష్‌ల ఖర్చుకే అది చాలదు.

పరిష్కారం: రెండుగా విడగొట్టి రాయండి. ఒక కేసు చూద్దాం. 7.5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్, 20 అడుగుల జీఐ పైపులు 28, అంటే మోటారు 560 అడుగుల్లో ఉంది. కాయిల్ కాలిందనే అనుకుందాం. ఇక్కడి రేట్లు లెక్క అర్థం కావడానికే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి.

తెలిసిన పని: పైపులు ఎత్తి దించడం 7,000, రీవైండింగ్ 8,500, జాయింటు సామాను, రవాణా 1,000. మొత్తం 16,500. దీని మీద పైఖర్చు ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

విప్పాకే తెలిసేవి నాలుగు. బుష్‌లు, థ్రస్ట్ బేరింగ్ 2,000; రెండు మోటార్లలో ఒకదానికి పడుతుందనుకుందాం. ఇంపెల్లర్లు 4,000, నాలుగింటిలో ఒకదానికి. కేబుల్ ముక్క మార్పు 3,000, మూడింటిలో ఒకదానికి. చిల్లులు పడిన పైపుల మార్పు 3,000; అదీ మూడింటిలో ఒకదానికే. ఈ నిష్పత్తులు గాలిలోంచి తీయకూడదు. మీ పాత బిల్లు పుస్తకం ముందేసుకుని, ఇరవై ముప్పై మోటార్లలో ఏది ఎన్నిసార్లు మార్చారో గీతలు పెట్టి లెక్కబెడితే చాలు.

ఒక్కోదాన్నీ దాని అవకాశంతో గుణిస్తే నాలుగూ తలా వెయ్యి వస్తాయి. సగటున 4,000. నాలుగూ ఒకేసారి పోతే 12,000. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలన్నదే అసలు ప్రశ్న. 4,000 పెడితే ఏడాది మొత్తం మీద మీ లెక్క సరిపోతుంది గానీ, ఎదురుగా ఉన్న రైతు దగ్గర చాలాసార్లు దాటిపోతుంది. 12,000 పెడితే ఆయన ఫోన్ పెట్టేస్తాడు. నా మటుకు 6,000 దగ్గర ఆగుతాను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా, చాలా జతల్లో రెండు పోయినా అందులో ఇమిడిపోతాయి. పై నిష్పత్తులతో లెక్కేస్తే అయిదు పనుల్లో నాలుగు ఆ హద్దులోపే ముగుస్తాయి.

ఒక జాగ్రత్త ఉంది. బోరు ఇసుక పోస్తుంటే ఈ లెక్క పనికిరాదు. ఇసుక బుష్‌నూ ఇంపెల్లర్‌నూ కలిపే తినేస్తుంది, ఒకటి పోతే రెండోదీ పోయినట్టే. "నీళ్ళతో ఇసుక వస్తోందా?" అని ఫోన్‌లోనే అడగండి. అవునంటే ఆ రెండింటి 6,000 ముందే పక్కన పెట్టి, కేబుల్, పైపుల కోసం ఇంకో 3,000 చూపించండి.

వాట్సాప్‌లో ఇలా పంపితే చాలు:

"రెడ్డన్నా, ఎత్తి దించడం, రీవైండింగ్, జాయింటు, రవాణా కలిపి 16,500. ఇది మారదు. విప్పాక బుష్, ఇంపెల్లర్, కేబుల్, పైపుల్లో ఏదైనా పోయి ఉంటే దానికి 6,000 దాకా పడొచ్చు. పోయిన సామాను మీకు చూపించాకే మారుస్తాం. మార్చకపోతే ఆ డబ్బు తీసుకోం. 22,500 దాటేట్టుంటే పని ఆపి ఫోన్ చేస్తాం. విప్పి చూశాక వద్దనుకుంటే ఎత్తిన కూలి, విప్పిన కూలి మాత్రం ఇవ్వాలి."

చివరి వాక్యం మరిచిపోవద్దు. మోటారు పైకొచ్చాక "కొత్తదే కొనుక్కుంటాలే" అనేవాళ్ళు ఉంటారు. ఇక చూపించడమంటే ఫోటో పంపడం కాదు. వీలైతే షాపులో బెంచీ దగ్గరికే పిలవండి. కొత్త బుష్‌లో షాఫ్టు పెట్టి ఊపితే కదలదు, అరిగినదానిలో లొటలొటా ఆడుతుంది. అది చేతికి తెలిశాక బేరం ఉండదు.

సమస్య 2: రేటు వినగానే పక్క షాపుకు పోతున్నారు

కారణం ఎక్కువసార్లు పోటీ కాదు, మన భయం. ఏ పరీక్షా చేయకుండా అన్నీ పోయాయని అనుకుని మొత్తం మీద ముప్పై శాతం వేసేస్తాం.

పరిష్కారం: మోటారు ఎత్తకముందే అనుమానాలు తగ్గించుకోవాలి. ముందు స్టార్టరు దగ్గర కేబుల్ విప్పి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టండి. సున్నా దగ్గర చూపిస్తే కాయిలో, కేబులో, నీళ్ళలోని జాయింటో దెబ్బతింది. మూడింటిలో ఏదన్నది పైనుంచి తేలదు. మెగ్గర్ బాగుండి, మోటారు తిరుగుతూ, ఆంపియర్లు తక్కువగా ఉండి నీళ్ళు రాకపోతే కాయిల్ జోలికి పోవద్దు. నీటిమట్టం దిగిందేమో, షాఫ్టో కప్లింగో తెగిందేమో చూడాలి.

తర్వాత ఒక్క ప్రశ్న: "నీళ్ళు మెల్లగా తగ్గుతూ వచ్చాయా, ఒక్కసారిగా ఆగిపోయాయా?" నిన్నటిదాకా నిండుగా పోసి ఇవాళ ఆగిపోయిందంటే ఇంపెల్లర్లు, పైపులు దాదాపు బాగున్నట్టే. అప్పుడు పైఖర్చులో బుష్, కేబుల్ మాత్రమే మిగులుతాయి, 5,000 చాలు. ఆ తేడా రైతుకు చెప్పండి, ఎందుకు తగ్గించారో కూడా చెప్పండి.

సమస్య 3: పైఖర్చు పెట్టినా నష్టమే వస్తోంది

మన వైపు బోర్లలో కేసింగ్ పైభాగానికే ఉంటుంది, కింద అంతా రాయే. ఎత్తేటప్పుడు రాయి జారి మోటారు ఇరుక్కోవచ్చు. తుప్పు పట్టిన పైపు తెగి మొత్తం బోరులోనే పడిపోవచ్చు. అరుదుగా జరిగేదే అయినా, జరిగితే ఖర్చు మొత్తం బిల్లును మించిపోతుంది.

ఇలాంటిదాన్ని పైఖర్చులో ఇమడ్చాలని చూడటమే ఇక్కడి తప్పు. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ పెద్ద దెబ్బ కోసం ప్రతి రైతు దగ్గరా రెండు వేలు ఎక్కువ అడగడం న్యాయం కాదు, పైగా ఆ రెండు వేలు దెబ్బ పడిననాడు సరిపోవు కూడా. కొటేషన్‌లో విడిగా ఒక వాక్యం రాయండి: "మోటారు ఇరుక్కున్నా, పైపు తెగినా ఈ రేటు వర్తించదు. పని ఆపి, మీతో మాట్లాడి, వేరే రేటు చెప్తాం." పైపులు ఎన్నేళ్ళ కిందటివో అడిగి, మరీ పాతవైతే ఈ మాట నోటితో కూడా చెప్పండి.

స్టార్టరు సంగతీ ఇంతే. ఒక ఫేజు పోయి కాయిల్ కాలిందని తేలితే, ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పనిచేస్తోందో లేదో చూడకుండా మోటారు దించితే మళ్ళీ కాలుతుంది, నింద మీ వైండింగ్ మీద పడుతుంది. దాని ఖర్చును పైఖర్చులో దాచకుండా వేరే వరసలో చూపించండి.

వైండింగ్ వైరు ధర రాగి రేటుతో పాటే కదులుతుంది. దానికోసం పైఖర్చు పెంచక్కర్లేదు. "ఈ రేటు వారం వరకే" అని తేదీ వేస్తే సరిపోతుంది.