నోట్స్ యాప్‌లోనా, టెక్స్ట్ ఫైళ్లలోనా? ముప్పై ఏళ్లు నిలిచేలా పరిశోధన నోట్సు ఎలా రాసుకోవాలి?

2003లో శాసనాల మీద నేను టైప్ చేసుకున్న నోట్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఫైలు తెరుచుకుంటుంది కానీ అందులో తెలుగు లేదు. అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు బొమ్మలు తొడిగేవి. ఫాంట్ పోయాక బొమ్మలు పోయాయి, కింద అర్థంలేని రోమన్ అక్షరాలు మిగిలాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్పించుకున్నాను గానీ చాలాచోట్ల ఒత్తులు తప్పాయి. ఊళ్ల పేర్లు, రాజుల పేర్లు ఒక్కొక్కటీ మళ్లీ పుస్తకాలు తీసి సరిచూసుకోవాల్సి వచ్చింది.

అందుకే యాపా, ఫైలా అని ఎవరైనా అడిగితే ముందు ఒక ప్రశ్న వేస్తాను. ఆ యాప్ రేపు లేకపోతే మీ నోట్సును ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో ప్రోగ్రామ్‌తో చదవగలరా? గూగుల్ నోట్‌బుక్ 2012లో, స్ప్రింగ్‌ప్యాడ్ 2014లో మూతపడ్డాయి. ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాను 50 నోట్సులకు కుదించింది. పీహెచ్‌డీలో మొదలుపెట్టిన నోట్సు రిటైరయ్యాక కూడా కావాలి. ఒక యాప్ అంతకాలం ఉంటుందనే నమ్మకం మీద దాన్ని వదిలేయలేం.

మొదట, మీ యాప్‌ను పరీక్షించండి

ఐదు నోట్సులు ఎంచుకోండి: ఫోటో ఉన్నది ఒకటి, పట్టిక ఉన్నది ఒకటి, వేరే నోట్సుకు లింకు ఉన్నది ఒకటి, ట్యాగులు ఉన్నది ఒకటి, పొడవైన తెలుగు నోట్సు ఒకటి. వాటిని ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పాఠం ఎలాగూ వస్తుంది. పోయేవి చుట్టూ ఉన్న విషయాలు. లింకులు తెగిపోవచ్చు, ఏ ఫోటో ఏ పేరాదో తెలియకపోవచ్చు, మీరు రాసిన తేదీకి బదులు ఎక్స్‌పోర్ట్ చేసిన తేదీ పడవచ్చు. పరిశోధకుడికి ఈ మూడోదే పెద్ద నష్టం. ఒక అభిప్రాయానికి ఎప్పుడు వచ్చామో తెలియకపోతే, ఆ తర్వాత దొరికిన ఆధారం దాన్ని బలపరిచిందో, మార్చిందో చెప్పలేం.

యాపులన్నీ ఒకే తీరుగా దాచవు. అబ్సిడియన్ నోట్సులను మీ కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డర్‌లో `.md` ఫైళ్లుగా ఉంచుతుంది. అవి లోపల మామూలు టెక్స్ట్ ఫైళ్లే, యాప్ తీసేసినా అక్కడే ఉంటాయి. జాప్లిన్ డేటాబేస్‌లో దాస్తుంది, అడిగితే ఫైళ్లుగా ఇస్తుంది. నోషన్‌లో రాసింది వాళ్ల సర్వర్‌లో ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ చేస్తేనే మీ చేతికి వస్తుంది. నోట్సు అసలు కాపీ టెక్స్ట్ ఫైలుగా ఉండాలి, యాప్ దాన్ని చూసే కిటికీగా ఉండాలి అన్నది నా నిర్ణయం. ఫీల్డ్‌లో ఫోన్ యాప్‌లో రాసుకోవడం హాయే, రాసుకోండి. వారానికోసారి వాటిని ఫోల్డర్‌లోకి దించుకుంటే చాలు.

ఫైలును ఇలా రాయండి

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం మీద నోట్సు అనుకుందాం. ఫైలు పేరు `2024-02-11_hanumakonda_veyisthambhala.txt`. సంవత్సరం, నెల, రోజు వరుసలో పెడితే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. ఫైలు పేరు వరకు రోమన్ లిపే వాడతాను. పాత జిప్ ప్రోగ్రాములు తెలుగు పేర్లను చెడగొడతాయి.

```
శీర్షిక: వేయిస్తంభాల గుడి శాసనం
రాసిన తేదీ: 2024-02-11
శాసన కాలం: శక 1084 (క్రీ.శ. 1163)
ఆధారం: ఫ్లీట్, ఇండియన్ యాంటిక్వరీ,
  సంపుటం 11, 1882
ఫోటో: 2024-02-11_hanumakonda_01.jpg
పదాలు: కాకతీయులు, రుద్రదేవుడు

== ఆధారంలో ఉన్నది
రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు
ముగ్గురికీ ప్రతిష్ఠ.

== నా ఆలోచన
మూడు గర్భగుడుల ప్లానుతో పోల్చి చూడాలి.
```

తేదీని ఫైలు లోపలే రాయడం గమనించండి. కంప్యూటర్ చూపించే తేదీ ఫైలును కాపీ చేసినప్పుడో, డౌన్‌లోడ్ చేసినప్పుడో మారిపోవచ్చు. ఇక ఆధారంలో ఉన్నది, నా ఆలోచన అని విడదీయడం చాలా ముఖ్యం. ఇరవై ఏళ్ల తర్వాత ఒక వాక్యం ఫ్లీట్‌దో మనదో గుర్తుండదు. గుర్తులేక మన ఊహనే ఆధారంగా ఉటంకించే ప్రమాదం ఉంది.

ఫోటోలు, ఆడియో టెక్స్ట్ ఫైలులో ఇమడవు. పక్కనే విడి ఫైళ్లుగా, అదే తేదీతో మొదలయ్యే పేరుతో ఉంచండి. లెక్కలు, పెద్ద పట్టికలు ఎక్కువగా ఉండే పరిశోధనకు టెక్స్ట్ ఫైలు నిజంగానే ఇబ్బంది. వాటిని `.csv` ఫైళ్లలో పెట్టి, నోట్సులో పేరు మాత్రం రాయండి.

తెలుగు చెడిపోకుండా

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ `UTF-8` అని ఉందో లేదో చూడండి. 2019 నుంచి విండోస్ 10 నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైలుకు అదే వస్తుంది. అంతకుముందు `ANSI` ఉండేది. పాత ఫైలు తెరిచినప్పుడు మూడు రకాల గందరగోళం కనిపించవచ్చు, మూడింటికీ అర్థం వేరు.

`à°¤à±†` లాంటివి వరుసగా కనిపిస్తే కంగారు పడకండి. తెలుగు క్షేమంగానే ఉంది, ప్రోగ్రామ్ తప్పు ఎన్‌కోడింగ్‌తో చదువుతోంది. అలా సేవ్ చేయకుండా మూసేసి, `UTF-8` ఎంచుకుని మళ్లీ తెరిస్తే `తె` కనిపిస్తుంది. అన్నీ `????` ఉంటే అక్షరాలు నిజంగానే పోయాయి, ఆ ఫైలు నుంచి తిరిగి రావు. పాత కాపీ వెతకాల్సిందే. రోమన్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే అది నాలాగా డీటీపీ ఫాంట్‌లో రాసింది కావచ్చు. ఏ ఫాంటో గుర్తున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్పించి, మార్చిన దాన్ని ప్రింటుతో పోల్చి, అసలు ఫైలును కూడా ఉంచుకోండి.

వెతకడంలో తెలుగుకు ఒక చిక్కు ఉంది. `వరంగల్‌లో` అని రాసినప్పుడు ల్‌కూ లోకూ మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా టైప్ చేసి వెతికితే దొరకదు, నోట్సులో లేదనుకుంటాం. విభక్తి వదిలేసి `వరంగల్` వరకే వెతకండి. వేల ఫైళ్లలో ఒకేసారి వెతకడానికి లినక్స్‌లో ఈ ఒక్క లైను చాలు:

```
grep -rn "రుద్రదేవ" notes/
```

విండోస్‌లో గిట్ బాష్ వేసుకుంటే ఇదే పనిచేస్తుంది.

కాపీలు

మూడు కాపీలు పెట్టండి: కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంట్లో కాకుండా వేరేచోట ఒకటి. క్లౌడ్ సింక్ ఉందని డిస్క్ కాపీ మానేయకండి. మీరు పొరపాటున తుడిచేసిన ఫైలును సింక్ అన్నిచోట్లా తుడిచేస్తుంది. పెన్‌డ్రైవ్‌ను డెస్కులో పడేసి ఏళ్ల తరబడి నమ్ముకోవద్దు, కరెంటు అందక అందులోని డేటా చెడిపోవచ్చు.

కాపీ చెడిందో లేదో ఫైలు పేరు చూస్తే తెలియదు. అందుకని ఏడాదికోసారి ఫోల్డర్‌లో ప్రతి ఫైలుకూ ఒక లెక్క తీసి దాచుకుంటాను. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ లెక్క మారిపోతుంది:

```
cd notes
find . -type f -exec sha256sum {} + > ../sums.txt
```

మరుసటి ఏడాది, కొత్త లెక్క తీసేముందు, అదే ఫోల్డర్‌లోంచి పాతదానితో పోలుస్తాను:

```
sha256sum -c --quiet ../sums.txt
```

ఏమీ రాకపోతే అన్నీ సరిగ్గా ఉన్నట్టు. `FAILED` అని వచ్చిన ఫైలును ఈ ఏడాది నేను మార్చి ఉంటే సరే. ముట్టుకోని ఫైలుకు అలా వస్తే అది డిస్క్‌లోనే చెడిందని అర్థం. అప్పుడు హార్డ్ డిస్క్ కాపీ తెరిచి, అందులో పాఠం బాగుందని చూసుకున్నాకే దాన్ని తెచ్చి పెట్టుకుంటాను.