మెట్‌ఫార్మిన్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు కడుపు ఇబ్బందిని ఎలా తగ్గించుకోవాలి?

షుగర్ జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో విరేచనాలు, వికారం, కడుపుబ్బరం, నోట్లో ఇనుపరుచి కనిపించడం మామూలే. చాలామందిలో ఇవి కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ సంగతి ముందే చెప్పేవారు లేక, ‘ఈ మందు నాకు పడదు’ అని మానేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

మింగిన మందు రక్తంలో కన్నా పేగు గోడలో చాలా ఎక్కువగా పోగవుతుంది. పైగా పేగులు తిరిగి పీల్చుకోవలసిన పైత్యరస లవణాల్లో కొంత భాగం అలాగే పెద్దపేగులోకి జారి, విరేచనాన్ని పలుచన చేస్తుంది. అందువల్ల ఒకేసారి పేగులోకి ఎంత మందు చేరుతోంది, ఎంత వేగంగా చేరుతోంది అన్న రెండింటినీ అదుపులో పెట్టుకోవడమే ఇక్కడ అసలు కిటుకు.

మొదటి పని మోతాదును మెల్లగా పెంచడం. సాధారణంగా రాత్రి భోజనంతో రోజుకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే మొదలుపెట్టి, కనీసం ఒక వారం గడిచి కడుపు కుదుటపడ్డాక ఉదయం టిఫిన్‌తో మరొకటి కలుపుతారు. ఆపై ఇంకా పెంచవలసి వస్తే అదీ వారానికో మెట్టు చొప్పునే. ఏదైనా మెట్టు దగ్గర విరేచనాలు మొదలైతే మందు పూర్తిగా మానకుండా, డాక్టరుగారికి చెప్పి, అంతకు ముందు పడిన మోతాదుకే తిరిగి వచ్చి, ఒకటి రెండు వారాలు ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు. చీటీలో తొలిరోజు నుంచే ఎక్కువ మోతాదు కనబడితే, మెల్లగా పెంచుకోవచ్చా అని అక్కడే అడగండి.

రెండవది, మాత్రను అన్నం మధ్యలో వేసుకోవడం. చాలామంది ‘భోజనం తరువాత’ అంటే ఎప్పుడైనా పరవాలేదనుకుంటారు, కొందరు పరగడుపునే కాఫీతో వేసుకుంటారు. కాఫీ, టీ, రెండు బిస్కెట్లు భోజనం కిందికి రావు. కూర అన్నం సగం తిన్నాక మాత్ర వేసుకుని, ఆపై చారన్నం, పెరుగన్నం తింటే మందు ఆహారంతో కలిసి నెమ్మదిగా దిగుతుంది. ఉదయమైతే రెండు ఇడ్లీలు తిన్నాక మాత్ర, తరువాత మిగిలినవి.

అప్పటికీ తగ్గకపోతే ఎస్‌ఆర్ లేదా ఎక్స్‌ఆర్ అని రాసి ఉండే, మందును నెమ్మదిగా వదిలే రకానికి మార్చమని అడగవచ్చు. సాధారణ మాత్ర పడనివారిలో చాలామందికి ఇది పడుతుంది. దీన్ని విరచకూడదు, నమలకూడదు, పొడి చేయకూడదు, ఎందుకంటే అలా చేస్తే మందంతా ఒక్కసారే బయటికి వస్తుంది. మలంలో మాత్ర ఆకారంలో మెత్తటి తొక్క కనిపించినా కంగారు పడనక్కరలేదు. మందు ఒంటికి పట్టాక మిగిలిన గుల్ల అది.

మా పిన్నిగారికి సాధారణ రకం 500 మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. ఆవిడ పొద్దుటి మాత్రను ఆరు గంటలకు కాఫీతో వేసుకునేవారు, టిఫిన్ తొమ్మిదింటికి. మూడో రోజుకల్లా రోజుకు నాలుగైదు విరేచనాలు. డాక్టరుగారు పొద్దుటి మాత్రను ఆపించి, రాత్రి భోజనం మధ్యలో ఎస్‌ఆర్ 500 ఒక్కటే ఇచ్చారు. వారంలో కడుపు సర్దుకుంది. మరో వారం ఆగి, టిఫిన్ మధ్యలో రెండవది కలిపారు, రెండు రోజులు కాస్త ఉబ్బరంగా ఉండి అదీ పోయింది. అదే సమయంలో ఆవిడ తింటున్న ‘షుగర్‌ఫ్రీ’ మిఠాయిలనూ మాన్పించారు. వాటిలో వాడే సార్బిటాల్, మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలే విరేచనాలు తెప్పించగలవు కనుక, నేరమంతా మాత్ర మీదికే నెట్టకుండా వాటినీ ఒకసారి చూసుకోవాలి.

ఇంట్లో సర్దుకోవడానికి ఒక హద్దు ఉంది. వాంతులు ఆగకపోయినా, నీళ్ల విరేచనాలు ఎక్కువై మూత్రం తగ్గినా, జ్వరంతో ఏమీ తాగలేకపోయినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు మందగిస్తే మెట్‌ఫార్మిన్ సరిగా బయటికి పోదు, కాబట్టి అలాంటప్పుడు దాన్ని తాత్కాలికంగా ఆపమంటారు. శ్వాస వేగంగా, లోతుగా ఆడుతూ మత్తుగా ఉంటే నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మీ మాత్రలో గ్లిమిపిరైడ్ అనే మరో షుగర్ మందు కూడా కలిసి ఉంటే, వికారంతో అన్నం మానినప్పుడు రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. అందుకే స్ట్రిప్ మీది పేర్లు చదివి, ఫోన్‌లో ఆ సంగతి కూడా చెప్పాలి.

ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా వాడుతున్నవారికి, మోతాదు గానీ మాత్ర రకం గానీ మారకుండానే విరేచనాలు కొత్తగా మొదలైతే, అది ఈ తొలివారాల ఇబ్బంది అనుకుని ఊరుకోకూడదు. దానికి వేరే కారణం ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.