అప్పుల నష్టం లెక్క – మూడవ పాఠం: లిమిట్ మిగిలి ఉన్న ఖాతా

మొదటి పాఠంలో ఎగవేత అవకాశాన్ని, అంటే పీడీని లెక్కించాం. ఏడాది మొదట్లో సక్రమంగా ఉన్న ఖాతాలు ఎన్నో చూసి, వాటిలో పన్నెండు నెలల్లో ఎన్ని మొండిబకాయిలయ్యాయో లెక్కపెట్టాం. రెండవ పాఠంలో ఎల్‌జీడీ చూశాం. అంటే ఎగవేత నాటి బాకీలో చివరికి ఎంత శాతం చేతికి రాకుండా పోయిందన్న లెక్క. ఈ పాఠంలో మిగిలిన మూడవ అంకె ఈఏడీ, అంటే ఎగవేత జరిగిన రోజున ఖాతాలో ఉన్న బాకీ. ఆ తరువాత మూడింటినీ కలిపి గుణిద్దాం. అలా వచ్చేదే ఈఎల్, అంటే ఏడాదిలో పోతుందని అంచనా వేసే నష్టం.

```
EL = PD × LGD × EAD
```

బంగారం తాకట్టు అప్పుకో, కిస్తీల మీద కట్టే దుకాణం అప్పుకో ఈఏడీ పెద్ద చిక్కు కాదు. ఇచ్చిన మొత్తంలో కట్టినది పోగా మిగిలినదానికి రావలసిన వడ్డీ కలిపితే దాదాపు సరిపోతుంది. చిక్కంతా క్యాష్ క్రెడిట్ ఖాతాతో వస్తుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల్లో ధాన్యం వర్తకులు ఎక్కువగా వాడుకునేది ఈ ఖాతానే. లిమిట్ పది లక్షలు, ఈ రోజు వాడింది నాలుగు లక్షలు అనుకోండి. మిగిలిన ఆరు లక్షలు మన డబ్బే అయినా, దాన్ని ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించేది వర్తకుడు. వ్యాపారం చెడిన మనిషి మొదట చేసే పని ఆ మిగిలిన లిమిట్‌ను వాడెయ్యడం. బయట అప్పు పుట్టనప్పుడు దగ్గరున్న తలుపు అదొక్కటే. అందుకే ఈ రోజు బాకీని ఈఏడీ అనుకుంటే మన లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

మా ప్రాంతంలో దీనికి మరో కారణం కూడా ఉంది. ఖరీఫ్ ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో కళ్లాలకు వస్తుంది. వర్తకులు అప్పుడే లిమిట్ నిండా వాడుతారు. సరుకు అమ్ముడయ్యేకొద్దీ తిరిగి జమ చేస్తారు. మార్చి 31న ఖాతాలు మూసేటప్పటికి చాలా ఖాతాల్లో బాకీ ఏడాది మొత్తంలోనే తక్కువగా కనిపిస్తుంది. మనం నష్టం లెక్క వేసేదేమో సరిగ్గా ఆ రోజునే. నేను లెక్కలు చూడటం మొదలుపెట్టిన కొత్తలో రెండేళ్లపాటు ఈ మార్చి బాకీనే తీసుకుని లెక్క వేశాను. రెండేళ్లూ వర్తకుల ఖాతాల నష్టం నా అంచనా దాటిపోయింది. తప్పు పీడీలో ఉందనుకుని దాన్నే తిరగవేసి చూస్తూ ఉండిపోయాను. దోషం తేదీలో ఉందని తెలుసుకోవడానికి ఆలస్యమైంది.

ఇక లెక్క ఎలా చెయ్యాలో చూద్దాం. ఇప్పటికే ఎగవేత జరిగిన పాత ఖాతాలను బయటకు తియ్యండి. ఒక్కో ఖాతాకు ఎగవేత తేదీ రాసుకోండి. క్యాష్ క్రెడిట్‌లో బాకీ 90 రోజులు ఎడతెగకుండా లిమిట్ మీద ఉన్నా, 90 రోజులు జమలు లేకపోయినా, వచ్చిన జమలు వడ్డీకి కూడా చాలకపోయినా అది ఎగవేత కిందికి వస్తుంది. ఆ తేదీ నుంచి సరిగ్గా పన్నెండు నెలలు వెనక్కి వెళ్లి అప్పటి బాకీ, అప్పటి లిమిట్ చూడండి. అప్పుడు మిగిలి ఉన్న లిమిట్‌లో ఎంత భాగం ఎగవేతకు ముందు వాడేశారన్నదే మనకు కావలసిన శాతం. దీన్ని మార్పిడి శాతం అందాం.

మూడు ఖాతాలు తీసుకుందాం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవి, తీరు మాత్రం ఫైళ్లలో కనిపించేదే. మొదటి వర్తకుని లిమిట్ 10 లక్షలు, ఏడాది ముందు బాకీ 4 లక్షలు, ఎగవేత నాడు 9 లక్షలు. మిగిలిన 6 లక్షల్లో 5 లక్షలు వాడాడు కాబట్టి 83 శాతం. రెండవ ఖాతా లిమిట్ 5 లక్షలు, బాకీ నాలుగున్నర. ఎగవేత నాడు వడ్డీ పడి 5 లక్షల 20 వేలయింది. మిగిలింది 50 వేలు, పెరిగింది 70 వేలు, అంటే 140 శాతం. మూడవ ఖాతా లిమిట్ 8 లక్షలు, బాకీ 3 లక్షలు. అక్కడి శాఖాధికారి అనుమానం వచ్చి లిమిట్‌ను ముందే ఆపించాడు. ఎగవేత నాడు 3 లక్షల 60 వేలు. మిగిలిన 5 లక్షల్లో 60 వేలే, అంటే 12 శాతం.

ఈ మూడు శాతాలకూ సగటు తీస్తే 78 దాటుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ ఆ రెండవ ఖాతాను చూడండి. మిగిలిన లిమిట్ మరీ చిన్నది కావడంతో కాస్త వడ్డీ పడగానే శాతం ఆకాశానికి ఎగిరింది. నిజానికి అక్కడ పెరిగింది డెబ్బై వేలే. అందుకని శాతాలకు సగటు తియ్యకుండా రూపాయలను కూడండి. మొత్తం పెరుగుదల 6 లక్షల 30 వేలు, మొత్తం మిగిలిన లిమిట్ 11 లక్షల 50 వేలు. భాగిస్తే దాదాపు 55 శాతం వస్తుంది. మీ ఖాతాల్లో ఎక్కడైనా వంద దాటిన శాతం కనిపిస్తే, ముందు దాని కింద ఉన్న మిగులు లిమిట్ ఎంతో చూడండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మూడవ ఖాతాను ఆ శాఖాధికారి కాపాడాడు కాబట్టి 12 వచ్చింది. అలాంటి చొరవ అన్ని శాఖల్లోనూ లేకపోతే 55 కూడా తక్కువే అవుతుంది.

ఇప్పుడు మొదటి వర్తకుని దగ్గరే ఆగి ఎల్‌జీడీని ఒకసారి నెమరువేద్దాం. ఎగవేత నాటి బాకీ 9 లక్షలు. స్టాకు స్టేట్‌మెంటులో గోదాములో 1,200 బస్తాల ధాన్యం ఉన్నట్టు రాసి ఇచ్చాడు. తలుపు తీసి చూస్తే ముందు వరుసలు పైకప్పు దాకా నిండుగా ఉన్నాయి. ఒక కుర్రవాడు పైకెక్కి చూస్తే వెనక నట్టనడుమంతా ఖాళీ. ఇటువంటి గోదాము ముందు నిలబడినవారికి, హామీ విలువకూ చేతికొచ్చే డబ్బుకూ మధ్య ఎంత దూరమో మళ్లీ చెప్పనక్కరలేదు. ఉన్న సరుకు అమ్మితే ఏడాది తరువాత 3 లక్షలు వచ్చాయి. జామీనుదారుతో రాజీ కుదిరి మూడేళ్లకు మరో 3 లక్షలు వచ్చాయి. వకీలుకూ రవాణాకూ 40 వేలు మొదటి ఏడాదిలోనే ఖర్చయ్యాయి.

చేతికి వచ్చింది నికరంగా 5 లక్షల 60 వేలు కాబట్టి నష్టం 38 శాతమే అనిపిస్తుంది. మూడేళ్ల తరువాత వచ్చిన రూపాయిని ఈ రోజు రూపాయితో సమానంగా చూడటం వల్ల అలా అనిపిస్తుంది. అప్పు వడ్డీ 12 శాతం అనుకుంటే, మొదటి 3 లక్షల విలువ ఎగవేత నాటికి 2 లక్షల 68 వేలు. రెండవ 3 లక్షల విలువ 2 లక్షల 14 వేలు. ఖర్చు దాదాపు 36 వేలు. నికరం 4 లక్షల 46 వేల దగ్గర ఆగుతుంది. అది తొమ్మిది లక్షల్లో సగం కన్నా కాస్త తక్కువ. ఎల్‌జీడీ 50 శాతం వేసుకుందాం. ఆలస్యం ఒక్కటే నష్టానికి పది శాతానికి పైగా కలిపిందన్న మాట.

ఇక మొత్తం అప్పుల పట్టికకు వద్దాం. చిన్న సంస్థ, మూడు రకాల అప్పులు. బంగారం మీద 80 లక్షలు, పీడీ 6 శాతం, ఎల్‌జీడీ 5 శాతం. నష్టం 24 వేలు. హామీ లేని దుకాణం అప్పులు 40 లక్షలు, పీడీ 8, ఎల్‌జీడీ 75. నష్టం 2 లక్షల 40 వేలు. వర్తకుల లిమిట్లు మొత్తం 60 లక్షలు, వాడినవి 30 లక్షలు. మిగిలిన 30 లక్షలకు 55 శాతం చొప్పున 16 లక్షల 50 వేలు కలిపితే ఈఏడీ 46 లక్షల 50 వేలు. పీడీ 4, ఎల్‌జీడీ 50 వేస్తే నష్టం 93 వేలు. వాడిన బాకీ మీదే లెక్కవేసి ఉంటే 60 వేలు వచ్చేది. మూడింటి మొత్తం 3 లక్షల 57 వేలు.

ఇక్కడ ఒక దొడ్డిదారి చాలామందిని లాగుతుంది. ఈఏడీ ప్రకారం బరువు వేసి పీడీకి ఒక సగటు, ఎల్‌జీడీకి ఒక సగటు తీసి, మొత్తం ఈఏడీతో ఒక్కసారే గుణించడం. చేసి చూడండి. పీడీ 5.92, ఎల్‌జీడీ 34.4, ఈఏడీ 166 లక్షల 50 వేలు. జవాబు 3 లక్షల 39 వేలు. పద్దెనిమిది వేలు ఎక్కడికి పోయాయి? దుకాణం అప్పులు ఎక్కువగా ఎగవేతకు పోతాయి, పోయినప్పుడు ఎక్కువ ముంచుతాయి. ఈ రెండూ ఒకే గుంపులో ఉన్నాయన్న సంగతిని సగటు చెరిపేసింది. అందుకే గుంపు గుంపుకూ విడిగా గుణించి, ఆ తరువాతే కూడాలి.

గుంపుల మధ్య ఉన్న ఈ బంధం కాలం మధ్య కూడా ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, రాయగడ జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. చేతికి రాబోయే పంట పోతే వర్తకుడు లిమిట్ నిండా వాడుతాడు, బాకీ కట్టలేకపోతాడు, గోదాములో అమ్ముకునే సరుకూ ఉండదు. మూడు అంకెలూ ఒక్కసారే పైకి లేస్తాయి. అలాంటి ఏడాదిని ఊహించి వర్తకుల పీడీ 12, మార్పిడి శాతం 80, ఎల్‌జీడీ 65 వేసి చూడండి. ఈఏడీ 54 లక్షలవుతుంది, నష్టం 4 లక్షల 21 వేలు. పీడీ ఒక్కటే మూడింతలైతే 2 లక్షల 79 వేల దగ్గర ఆగేది. మామూలు ఏడాది అంచనా 93 వేలు ఈ నష్టాన్ని మోయలేదు, మోయడానికి పెట్టిన అంకె కూడా కాదు. సగటున ఏటా పోయేదానికే ఈఎల్ సరిపోతుంది, దానికి పైన వచ్చే దెబ్బను మూలధనం కాయాలి.

ఇంకొక జాగ్రత్త. తుపాను తరువాత అప్పుల గడువు పొడిగిస్తే ఆ ఏడాది ఎగవేతలు పుస్తకాల్లో తక్కువగా కనిపించి, తరువాతి ఏళ్లలో బయటపడతాయి. పీడీ కోసం చరిత్ర తీసేటప్పుడు గడువు పొడిగించిన ఖాతాలను విడిగా గుర్తు పెట్టి, కనీసం రెండేళ్లు వెంట నడవండి.

అభ్యాసం: మీ దగ్గరి ఐదు పాత క్యాష్ క్రెడిట్ ఎగవేతలు తీసుకోండి. ఒక్కోదానికి పన్నెండు నెలల ముందటి బాకీతో ఒకసారి, మార్చి 31 బాకీతో మరొకసారి మార్పిడి శాతం కట్టి, రెండింటినీ పక్కపక్కన రాసుకోండి. నాలుగవ పాఠంలో ఆ పట్టికతోనే మొదలుపెడదాం.