ఉద్యోగ ప్రకటనలో ఏది అవసరం, ఏది ఆశ?

సమస్య: ప్రకటనలో ఏడు అర్హతలు అడిగారు. మీకు నాలుగే ఉన్నాయి. ఐదోది చదవగానే "ఇది మనకు కాదులే" అని పేజీ మూసేస్తున్నారు.

కారణం: ఆ ఏడూ ఒకరే కూర్చుని తూకం వేసి రాసినవి కాకపోవచ్చు. చాలాచోట్ల పాత ప్రకటననే సవరించి వాడతారు. మానేసిన ఉద్యోగికి తెలిసినవన్నీ అందులో చేరుస్తారు, అతను వాటిని ఆ ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నా సరే. పక్క విభాగం మేనేజరు తనకు నచ్చినదొకటి కలుపుతారు. అలా అవసరమూ ఆశా ఒకే వరసలో చేరి, చూడటానికి ఒకేలా కనిపిస్తాయి.

పరిష్కారం: అర్హతలను కాసేపు పక్కన పెట్టి, ముందు బాధ్యతలు చదవండి. తర్వాత ఒక్కో అర్హత ఏ పనికి పనికొస్తుందో చూసి, రెండింటినీ పెన్సిలుతో గీత గీసి కలపండి.

డేటా అనలిస్టు ఉద్యోగం ఒకటి తీసుకుందాం. అడిగినవి: డేటాబేసు నుంచి వివరాలు తీసే భాష అయిన ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, ఏదో ఒక డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్, పైథాన్, మెషిన్ లెర్నింగ్, 3 నుంచి 5 ఏళ్ల అనుభవం, ఎంబీఏ ఉంటే మంచిది. చేయాల్సిన పనులు: డేటాబేసు నుంచి అమ్మకాల వివరాలు తీయడం, వారం వారం నివేదిక ఇవ్వడం, డాష్‌బోర్డు నిర్వహించడం, ఆ అంకెలను మేనేజర్లకు వివరించడం.

మొదటి మూడు అర్హతల నుంచీ గీతలు నేరుగా పనులకు చేరతాయి. అవి లేకుండా తొలి వారం కూడా గడవదు. మెషిన్ లెర్నింగ్‌కు ఇక్కడ పనే లేదు. పైథాన్ తెలిస్తే నివేదిక త్వరగా తయారవుతుంది, తెలియకపోయినా ఆగదు. ఎంబీఏ సంగతి వాళ్లే చెప్పేశారు. 3 ఏళ్లు అన్నది సాధారణంగా "పక్కన ఎవరూ లేకుండా పని నడపగలరా" అనే ప్రశ్నకు మారుపేరు. రెండేళ్లుగా సొంతంగా నివేదికలు చేసినవారు దరఖాస్తు పెట్టవచ్చు. ఇప్పుడే చదువు ముగించినవారికి మాత్రం ఇది కష్టమే.

ఇక ఎక్కువ మంది దాటేసేది ఆఖరి పని. మేనేజర్లకు వివరించడం అర్హతల్లో ఎక్కడా లేదు, అయినా అది అసలైన అవసరమే. ఇంటర్వ్యూలో దాని గురించి అడుగుతారని అనుకుని సిద్ధపడండి.

ఈ గీతలు పనిచేయని చోటు: నర్సు రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు లాంటి చట్టపరమైన షరతులకు బేరం ఉండదు. దరఖాస్తు ఫారంలో అవును, కాదు అని జవాబివ్వాల్సిన ప్రశ్నలూ అంతే. అక్కడ "కాదు" అంటే కొన్ని సంస్థల్లో మీ వివరాలు మనిషి కంటపడకముందే పక్కకు పోతాయి. అలాగని అబద్ధం రాయకండి, తర్వాత పరిశీలనలో బయటపడుతుంది.

తిరగబడిన సమస్య: అర్హతలన్నీ సరిపోయాయి, చేరాక పని నచ్చలేదు. ఇక్కడ చూడాల్సింది బాధ్యతల్లోని క్రియలు. "విశ్లేషించడం" ఒక్కసారి కనిపించి, "సమన్వయం చేయడం", "అనుసరించి పూర్తి చేయించడం" నాలుగుసార్లు ఉంటే, హోదా ఏదైనా మీ రోజులో ఎక్కువ భాగం ఫోన్లకూ సమావేశాలకే పోతుంది.