పెరుగు తోడుకోక, పనీర్ పొడిపొడి అయి, నెయ్యి వాసన వస్తుంటే

మాది నాలుగు ముర్రా గేదెల చిన్న డెయిరీ. సాయంత్రం పాలలో పాల సేకరణ కేంద్రానికి పోగా పది లీటర్ల దాకా మిగులుతాయి. వాటితో చేసిన పెరుగు, పనీర్, నెయ్యి ఊళ్లోనూ రెండు హోటళ్లకూ ఇస్తాం. మేం చెడగొట్టుకుని నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: తెల్లారినా పెరుగు తోడుకోలేదు

ముందు వేడి చూసుకోండి. కాచిన పాలు 40-42 డిగ్రీలకు చల్లారాక తోడు వేయాలి. అంతకంటే బాగా వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లారిపోతే పని చేయదు. లీటరుకు ఒక చెంచా తాజా తోడు చాలు. ఎండాకాలంలో ఐదారు గంటల్లో గడ్డ కడుతుంది. చలికాలంలో గిన్నెకు గోనెసంచి చుట్టి పెట్టాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తోడుకోకపోతే, అసలు అనుమానం గేదెకు వేసిన మందు మీద పెట్టుకోవాలి. పోయిన శ్రావణంలో మాకు వరసగా మూడు రోజులు పెరుగు నీళ్లలాగే ఉండిపోయింది. తోడు మార్చాం, గిన్నెలు వేడినీళ్లతో కడిగాం, ఫలితం లేదు. హోటల్‌కి పెరుగు ఇవ్వలేక ఒకటే టెన్షన్. చివరికి మా ఆవిడ నాలుగు స్టీలు గ్లాసులు తీసి, ఒక్కో గేదె పాలు విడిగా కాచి, అన్నిట్లో ఒకే తోడు ఒక్కో చుక్క వేసి, ఒకే బుట్ట కింద పెట్టింది. పొద్దున్నే గ్లాసులు వంచి చూస్తే మూడు కదల్లేదు. నాలుగో గ్లాసు పాలు మాత్రం జారి చేతి మీద పడ్డాయి.

ఆ గేదెకు పొదుగువాపు వస్తే డాక్టరు ఒక చన్నులోకి ట్యూబు మందు ఎక్కించారు. మేం ఆ చన్ను పాలు పారబోసి, మిగతా మూడు చన్నుల పాలు కలిపేశాం. తప్పు అక్కడే జరిగింది. మందు రక్తంలో కలిసి మిగతా చన్నుల్లోకీ వస్తుంది. పాలు ఎంత మరిగించినా అది పూర్తిగా పోదు. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవులను ఆ మందే అణిచేస్తుంది.

పరిష్కారం ఒక్కటే. చివరి మోతాదు వేసినప్పటి నుంచి ఎన్ని రోజులు పాలు వాడకూడదో డాక్టరును అడిగి, మందు లేబుల్ మీద కూడా చూసి, అన్నాళ్లూ ఆ గేదె నాలుగు చన్నుల పాలూ పారబోయాలి. వాటిని కేంద్రానికి పోయడం కూడా తప్పే, తాగేది ఎవరో పిల్లలు. మేమైతే మందు వేసిన రోజే గేదె కొమ్ముకు ఎర్రగుడ్డ కడతాం. పాలు పితికేది ఎవరైనా ఆ గుడ్డ చూడగానే వేరే బకెట్ తీసుకుంటారు.

సమస్య: పనీర్ తక్కువగా వస్తోంది, లేదా ముక్క కోస్తే పొడిపొడిగా రాలుతోంది

రెండింటికీ కారణం నిమ్మ ఉప్పు వేసే తీరులోనే ఉంటుంది. గేదె పాలు పది లీటర్లకు దాదాపు రెండు కిలోల పనీర్ రావాలి. మాకు మొదటిసారి కిలోన్నరే వచ్చింది. గుడ్డలోంచి దిగిన నీళ్లు తెల్లగా, పాలలాగే ఉన్నాయి. అంటే పాలు పూర్తిగా విరగలేదు, సరుకంతా నీళ్లతో పోయింది. రెండోసారి భయంతో మరుగుతున్న పాలలో నిమ్మ ఉప్పు ఎక్కువ పోశాం. ఈసారి పనీర్ గట్టిగా, పుల్లగా వచ్చింది, కత్తి పెడితే రాలిపోయింది.

ఇప్పుడు చేసేది ఇలా. పాలు 90 డిగ్రీలకు కాచి పొయ్యి ఆపేస్తాం. కలుపుతూ 70-75కి దింపుతాం. థర్మామీటర్ తప్పనిసరి, ఇక్కడ వేలితో అంచనా కుదరదు. 20 గ్రాముల నిమ్మ ఉప్పు రెండు లీటర్ల వేడినీళ్లలో కరిగించి, నెమ్మదిగా గరిటెతో పోస్తాం. నీళ్లు ఆకుపచ్చ ఛాయతో తేటగా విడిపోగానే ఆపేయాలి, నిమ్మ ఉప్పు నీళ్లు మిగిలినా సరే. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, గుడ్డలో వడగట్టి, పావుగంట బరువు పెడతాం. తర్వాత రెండు గంటలు ఐసునీళ్లలో ఉంచితే ముక్క గట్టిపడి చక్కగా కోతకు వస్తుంది.

సమస్య: నెయ్యి వాసన

మీగడ వారం పది రోజులు బయట దాచి వెన్న తీస్తే వచ్చే చెడు వాసన ఎంత కాచినా పోదు. మీగడ ఫ్రిజ్‌లో ఉంచి నాలుగైదు రోజులకోసారి చిలకండి. వెన్నను చల్లటి నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు కడగండి. సన్నమంట మీద చిటపట తగ్గి, గోకుడు గోధుమ రంగుకు రాగానే దించాలి. తొందరపడి ముందే దించితే తేమ మిగిలి పాడవుతుంది. పూస కట్టాలంటే ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడిలోనే కదపకుండా చల్లారనివ్వాలి.